మీ షేర్లు ఎవరి ఖాతాలో ఉన్నాయి?

కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచేవాళ్లు మొదట అడిగేది బ్రోకరేజీ ఎంత అని. ఆ తర్వాత యాప్ బాగుంటుందా అని. కంపెనీ పెద్దదేనా, పాతదేనా అన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటికీ మంచి జవాబులున్న బ్రోకర్ దగ్గర కూడా షేర్లు భద్రంగా ఉండకపోవచ్చని హైదరాబాద్ కేంద్రంగా నడిచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఉదంతం చూపించింది. దానికి సెబీ లైసెన్సు ఉంది, దేశమంతా శాఖలున్నాయి, దశాబ్దాల పేరుంది. అయినా 2019 నవంబర్ 22న కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దంటూ సెబీ దానిపై మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

అసలు జరిగిందేమిటి? అప్పట్లో ఖాతా తెరిచేటప్పుడు సంతకం చేసే కాగితాల కట్టలో పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి ఉండేది. మనం షేర్లు అమ్మినప్పుడు వాటిని మన డీమ్యాట్ నుంచి తీసి ఎక్స్ఛేంజికి అప్పగించడానికి బ్రోకర్‌కు ఇచ్చే అధికారం అది. కార్వీ ఆ అధికారాన్ని అమ్మకాలకు మాత్రమే వాడలేదు. ఖాతాదారుల షేర్లను తన పేరుమీదున్న మరో డీమ్యాట్ ఖాతాకు మళ్లించి, వాటిని బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. ఆ ఖాతా గురించి ఎక్స్ఛేంజికి సరైన లెక్క చెప్పలేదు. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబర్ మధ్య 1,096 కోట్ల రూపాయలు గ్రూపులోని రియల్ ఎస్టేట్ కంపెనీకి వెళ్లాయని సెబీ ఉత్తర్వు పేర్కొంది. సుమారు 95 వేల మంది ఖాతాదారులకు చెందిన, 2,300 కోట్ల పైచిలుకు విలువైన షేర్లు ఇలా తాకట్టులోకి పోయాయి.

ఒక ఉదాహరణ అనుకుందాం. విజయవాడలో ఒక రిటైర్డ్ టీచర్ దగ్గర 6 లక్షల రూపాయల విలువైన షేర్లున్నాయి. బ్రోకర్‌కు ఆయన ఒక్క రూపాయి కూడా బాకీ లేరు. బ్రోకర్ పంపే స్టేట్‌మెంటులో షేర్లన్నీ లెక్క ప్రకారమే కనిపిస్తున్నాయి. ఎందుకంటే ఆ స్టేట్‌మెంటు తయారుచేసేది బ్రోకరే. డిపాజిటరీ రికార్డులో మాత్రం ఆ షేర్లు ఆయన ఖాతాలో లేవు, బ్రోకర్ పేరుమీదున్న ఖాతాలో, పైగా తాకట్టులో ఉన్నాయి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడనంత కాలం ఆయనకు అనుమానమే రాదు.

2019 డిసెంబర్ 2న డిపాజిటరీ ఎన్‌ఎస్‌డీఎల్ సుమారు 83 వేల మందికి షేర్లు వెనక్కి బదిలీ చేసింది. మిగిలినవాళ్ల కష్టాలు అంత తొందరగా తీరలేదు. అప్పిచ్చిన సంస్థలు తమ తాకట్టు హక్కు కోసం ట్రిబ్యునల్‌కు ఎక్కాయి. 2020 నవంబర్‌లో ఎన్‌ఎస్‌ఈ కార్వీని సభ్యత్వం నుంచి బహిష్కరించి డిఫాల్టరుగా ప్రకటించింది.

ఈ దెబ్బ తర్వాత సెబీ నిబంధనల తీరే మారింది. బ్రోకర్ మంచివాడా కాదా అని చూడటం కన్నా, ఖాతాదారు సొత్తు బ్రోకర్ చేతిలో ఆగకుండా చూడటం మీద దృష్టి పెట్టింది. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ కోసం షేర్లు ఇవ్వాలంటే వాటిని బ్రోకర్ ఖాతాకు బదిలీ చేయనక్కర్లేదు. షేర్లు మన డీమ్యాట్‌లోనే ఉంటాయి, వాటిపై తాకట్టు గుర్తు మాత్రమే పడుతుంది, అదీ మనం ఓటీపీ ఇస్తేనే. 2022లో పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో, దేనికి వాడవచ్చో గీత గీసి చెప్పే డీడీపీఐ అనే పత్రం వచ్చింది. ఇది ఇవ్వడం మన ఇష్టం. ఇవ్వకపోతే షేర్లు అమ్మేటప్పుడు ఓటీపీ కొట్టాలి, అంతే.

డబ్బు సంగతీ అంతే. ఖాతాదారుల సొమ్మును బ్రోకర్ తన సొంత డబ్బుతో కలపకూడదన్న నియమం పాతదే, కానీ అది అమలవుతోందో లేదో తనిఖీలో గానీ తేలేది కాదు. 2023 జూలై నుంచి ఖాతాదారుల సొమ్మును బ్రోకర్ ఏ రోజుకారోజు క్లియరింగ్ కార్పొరేషన్‌కు పంపాలి. వాడకుండా మిగిలిన డబ్బును మనం ఎంచుకున్న ప్రకారం నెలకోసారో మూడు నెలలకోసారో మన బ్యాంకు ఖాతాకు తిప్పి పంపాలి. అంతకన్నా గట్టి మార్గం కావాలంటే, ఐపీఓకు దరఖాస్తు చేసినట్టే, డబ్బు మన బ్యాంకులోనే ఉంచి యూపీఐ ద్వారా బ్లాక్ చేసి ట్రేడింగ్ చేసే సదుపాయం ఉంది. పెద్ద బ్రోకర్లు ఆ సదుపాయం గానీ, బ్యాంకు, డీమ్యాట్, ట్రేడింగ్ ఖాతాలను కలిపిన త్రీ ఇన్ వన్ ఖాతా గానీ ఇవ్వాలి. బ్రోకర్‌ను ఎంచుకునేటప్పుడు ఇది ఉందా అని అడగండి.

ఇన్ని కట్టుబాట్ల తర్వాత కూడా బ్రోకర్ దివాలా తీస్తే? అప్పుడు ఎక్స్ఛేంజి నడిపే ఇన్వెస్టర్ ప్రొటెక్షన్ ఫండ్ ఉంది. బ్యాంకు డిపాజిట్‌కు బీమా ఉన్నట్టే ఇదీ అని చాలామంది అనుకుంటారు గానీ, ఇది ఆపాటి సులువు కాదు. ఎక్స్ఛేంజి బ్రోకర్‌ను డిఫాల్టరుగా ప్రకటించాకే క్లెయిములు పిలుస్తారు. క్లెయిము గడువులోగా వేయాలి, కాంట్రాక్టు నోట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లెడ్జర్ చూపాలి. పరిమితి కూడా ఉంటుంది. కార్వీ డిఫాల్ట్ నాటికి ఎన్‌ఎస్‌ఈలో అది ఒక్కో ఇన్వెస్టరుకు 25 లక్షలు. 40 లక్షలు పోగొట్టుకున్నవారికి ఆ లెక్కన ఫండ్ నుంచి వచ్చేది 25 లక్షలే, మిగతా 15 లక్షలకు బ్రోకర్ ఆస్తుల నుంచి ఏమైనా వసూలైతేనే. షేరు ధర పడిపోయి వచ్చిన నష్టానికి పైసా రాదు. నెలకింత గ్యారంటీ అని చెప్పి బ్రోకరో, అతని సబ్ బ్రోకరో తీసుకున్న డబ్బుకూ ఫండ్ బాధ్యత ఉండదు, ఎందుకంటే అది ఎక్స్ఛేంజి మీద జరిగిన లావాదేవీ కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అక్కడి ఎస్‌ఐపీసీ 5 లక్షల డాలర్ల వరకూ, అందులో నగదుకు రెండున్నర లక్షల వరకూ రక్షణ ఇస్తుంది. అక్కడా మార్కెట్ నష్టానికి పూచీ లేదు.

కాబట్టి ఖాతా తెరిచే ముందు సెబీ వెబ్‌సైటులో బ్రోకర్ రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోండి, అది INZ అక్షరాలతో మొదలవుతుంది. పేరు ఒక్కటి సరిపోదు, మోసగాళ్లు అసలు కంపెనీల పేర్లతోనే వాట్సాప్ గ్రూపులు, నకిలీ యాప్‌లు నడుపుతున్నారు. డబ్బు పంపేది బ్రోకర్ పేరుమీదున్న ఖాతాకే అయి ఉండాలి. యూపీఐ అయితే ఐడీలో .brk@valid అని ఉందో లేదో చూడండి. ఎవరో ఒక వ్యక్తి పేరుమీదున్న ఖాతాకు పంపమంటే అక్కడితో ఆగిపోండి.

ఖాతా తెరిచాక అసలు పని మొదలవుతుంది. డిపాజిటరీల నుంచి కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ మీ ఈమెయిల్‌కు వస్తుంది, లావాదేవీ జరిగిన నెలలో తప్పకుండా. మీ బ్రోకర్ చూపిన నిల్వ ఎంతో ఎక్స్ఛేంజి కూడా ఎస్ఎంఎస్ పంపుతుంది. అందుకే ఆ రెండు చోట్లా మీ సొంత ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలి, ఏజెంటువి కాదు. స్టేట్‌మెంటులో షేర్ల సంఖ్య యాప్‌లో ఉన్న సంఖ్యతో సరిపోలాలి. మీరు ఓటీపీ ఇవ్వని తాకట్టు కనిపించినా, అడిగిన డబ్బు బ్యాంకుకు రావడానికి సాకులు మొదలైనా ఆ రోజే బ్రోకర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో నమోదు చేయండి. బ్రోకర్ యాప్ చెప్పేది బ్రోకర్ మాట, డిపాజిటరీ స్టేట్‌మెంటు చెప్పేదే మీ ఆస్తి.