బ్యాటరీ లేని కార్డు ఎలా మాట్లాడుతుంది?

మందుల షాపులో 640 రూపాయల బిల్లయింది. షాపతను స్వైపింగ్ మిషన్‌లో ఆ అంకె కొట్టి ముందుకు జరిపాడు. మీరు కార్డును దాని దగ్గర పెట్టారు. క్షణంలో బీప్ మంది. గీకలేదు, పిన్ కొట్టలేదు. కార్డులో బ్యాటరీ కూడా లేదు. మరి అది మిషన్‌తో ఎలా మాట్లాడింది?

కార్డు పొరల మధ్య సన్నని తీగ కొన్ని చుట్లు తిరిగి ఉంటుంది. మిషన్‌లోనూ అలాంటి చుట్టే ఉంది. షాపతను అంకె కొట్టాక అందులో సెకనుకు కోటీ 35 లక్షల సార్లకు పైగా ఊగే కరెంటు పారుతుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కార్డు అందులోకి రాగానే దాని తీగలోనూ కరెంటు పుట్టి చిప్ మేలుకుంటుంది. ఈ క్షేత్రం దూరం పెరిగే కొద్దీ వేగంగా సన్నగిల్లుతుంది. అందుకే కార్డును నాలుగు సెంటీమీటర్ల లోపు పెట్టాలి. ఈ దగ్గరి సంభాషణనే నియర్ ఫీల్డ్ కమ్యూనికేషన్, పొట్టిగా ఎన్ఎఫ్‌సీ అంటారు.

జవాబు చెప్పడానికి కార్డు సొంతంగా తరంగాలేవీ పంపదు. గాలిపటం ఎగరేసేవాడికి పైన గాలి ఎలా ఉందో దారం బిగువే చెబుతుంది కదా! అలాగే చిప్ తాను లాగే కరెంటును క్షణక్షణం హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ తేడాను మిషన్ తన చుట్టలో పసిగట్టి అంకెలుగా చదువుకుంటుంది.

అసలు కీలకం ఆ అంకెల్లో ఉంది. మిషన్ బిల్లు మొత్తంతో పాటు అప్పటికప్పుడు పుట్టించిన ఓ సంఖ్యను కార్డుకిస్తుంది. కార్డు వాటికి తన లావాదేవీల లెక్కను, ఇది 212వది అనుకుందాం, జోడిస్తుంది. చిప్‌లో దాగిన రహస్య తాళంతో ఆ మొత్తాన్ని కలిపి ఒక సంకేతం తయారు చేస్తుంది. తాళం మాత్రం చిప్ దాటి రాదు. బ్యాంకు అదే లెక్క తన దగ్గర వేసి, సరిపోతేనే సొమ్ము ఇస్తుంది. ఎవరైనా ఈ సంభాషణను దొంగచాటుగా పట్టుకుని మళ్లీ వినిపించినా, 212వ సంకేతం 213వ లావాదేవీకి చెల్లదు.

బీప్ అంటే కార్డును చదవడం అయిందని మాత్రమే. డబ్బు వెళ్లిందో లేదో బ్యాంకు జవాబు తెరపై కనిపించాకే తెలుస్తుంది. పర్సుతో సహా ఆనిస్తే లోపలి రెండు కార్డులూ ఒకేసారి మేలుకోవచ్చు. అప్పుడు మిషన్ తనంతట తాను ఒకదాన్ని ఎంచుకోకుండా, ఒక్క కార్డే చూపమంటుంది.

ప్రమాదం గాలిలో కన్నా కార్డు పోవడంలోనే ఎక్కువ. 2021 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు 5,000 రూపాయల దాకా పిన్ లేకుండా ట్యాప్ చేయనిస్తోంది. కార్డు దొరికినవాడికీ ఆ వీలుంటుంది. కాబట్టి పోయిందని తెలిసిన వెంటనే బ్లాక్ చేయించాలి. ట్యాప్ అవసరం లేనివారు బ్యాంకు యాప్‌లో కాంటాక్ట్‌లెస్ మీటను ఆపేసుకోవచ్చు, పరిమితిని తగ్గించుకోవచ్చు.