ఉల్లి ధర పెరిగింది, మరి ఎగుమతి ఎందుకు ఆగింది?

బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లో, రీజనింగ్ విభాగంలో ఒక తరహా ప్రశ్న వస్తుంటుంది. రెండు ప్రకటనలు ఇస్తారు. మొదటిది కారణం, రెండోది ఫలితమా? లేక రెండోదే కారణమా? రెండూ వేర్వేరు కారణాలా? వేర్వేరు కారణాల వల్ల పుట్టిన ఫలితాలా? లేక ఒకే కారణానికి రెండు ఫలితాలా? ఈ అయిదింటిలో ఒకటి గుర్తించాలి. లెక్కలుండవు, సూత్రాలుండవు. అయినా బాగా చదివినవాళ్లు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు.

ఒక వాక్యాన్ని కదపకుండా ఉంచి, పక్కవాక్యం మార్చుకుంటూ పోతే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. మన మొదటి ప్రకటన: 'దేశమంతటా ఉల్లి ధరలు రెట్టింపయ్యాయి.'

రెండోది 'మహారాష్ట్రలో భారీ వర్షాలకు ఉల్లి పంట దెబ్బతింది' అయితే చిక్కులేదు. దేశంలో ఉల్లి ఎక్కువగా పండేది అక్కడే. రెండోది కారణం, మొదటిది ఫలితం. ప్రశ్నలో ఏది ముందు రాశారన్నది లెక్కలోకి రాదు, ఏది ముందు జరిగిందన్నదే లెక్క.

ఇప్పుడు రెండోదాన్ని 'కేంద్రం ఉల్లి ఎగుమతులను నిషేధించింది' అని మార్చండి. తొందరపడేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ప్రభుత్వ నిర్ణయం కనబడగానే అదే కారణమై ఉంటుందని టిక్కు పెట్టేస్తారు. కానీ ఎగుమతి ఆగితే సరుకు దేశంలోనే ఉండిపోతుంది, ధర తగ్గాలి గానీ పెరగకూడదు. కాబట్టి నిషేధం ధరల పెరుగుదలకు కారణం కాలేదు. ధరలు పెరగడం వల్లే నిషేధం వచ్చింది. 2019 సెప్టెంబరు చివర్లో నిజంగా జరిగింది ఇదే. రెండు వాక్యాలకూ సంబంధం ఉందని కనిపెడితే సరిపోదు, ఆ సంబంధం ఎటునుంచి ఎటు నడుస్తోందో చూడాలి. మధ్యలో 'అందువల్ల' పెట్టి రెండు వైపులా చదివితే ఒకవైపు చదువు ఇట్టే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

2023 డిసెంబరులో కేంద్రం మళ్లీ నిషేధం పెట్టినప్పుడు నాసిక్ ప్రాంత రైతులు ధర పడిపోతోందని రోడ్డెక్కారు, మార్కెట్లలో వేలం ఆగిపోయింది. ధరలకు ఫలితంగా పుట్టిన నిషేధమే రైతుల ఆందోళనకు కారణమైందన్నమాట. ఏ సంఘటనకూ కారణమనో ఫలితమనో శాశ్వతమైన ముద్ర ఉండదు. పక్కన నిలబెట్టిన రెండో వాక్యాన్ని బట్టి దాని పాత్ర మారుతుంది.

రెండోది 'బంగాళాదుంపల ధరలూ అదే వారంలో బాగా పెరిగాయి' అయితే? ఉల్లి పెరిగినందుకు బంగాళాదుంప పెరగదు. రెండూ ఒకే మార్కెట్లో, ఒకే సమయంలో, ఒకే దిశలో కదిలాయి. లారీల సమ్మె లాంటిదేదో వెనక ఉండి ఉండాలి. ఆ మాట ప్రశ్నలో లేకపోయినా సహజంగా తట్టే కారణం ఒకటుంటే చాలు, ఉమ్మడి కారణానికి ఫలితాలు అనవచ్చు. అయితే ఆ ఉమ్మడి కారణం కోసం మనం కథ అల్లాల్సి వస్తే ఆ ఆప్షన్ వదిలేయడమే మేలు. 'డిగ్రీ కాలేజీల్లో సీట్లు మిగిలిపోయాయి' అన్న వాక్యాన్ని ఉల్లితో ముడిపెట్టాలంటే చాలా దూరం నడవాలి. అవి వేర్వేరు కారణాల ఫలితాలు.

చాలామంది పట్టించుకోనిది పరిమాణం. 'కర్నూలు జిల్లాలో ఒక గ్రామంలో ఉల్లి పంట కుళ్లిపోయింది' అన్నది నిజమే కావచ్చు, బాధాకరం కూడా. కానీ దేశమంతటా ధర రెట్టింపు కావడానికి ఒక్క ఊరి నష్టం సరిపోదు. ఇద్దరూ ఉల్లి గురించే మాట్లాడుతున్నారు కదా అని కలిపేయకూడదు. అది జరగకపోయినా ఇది జరిగేదేనా అని అడిగి చూడండి. జరిగేదే అయితే, అది కారణం కాదు.

అన్నింటికన్నా చిక్కు 'రెండూ వేర్వేరు కారణాలు' అనే ఆప్షన్‌తో. 'రిజర్వ్ బ్యాంకు రెపో రేటు తగ్గించింది', 'రుతుపవనాలు ఆలస్యమయ్యాయి' అన్న జంట తీసుకోండి. ఒకటి అప్పుల వాయిదాలపై, మరొకటి నాట్లపై ప్రభావం చూపుతాయి కనుక రెండూ కారణాలే అంటారు. కానీ రేటు తగ్గించడం వెనకా ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది, అప్పుడు అది ఫలితం ఎందుకు కాదు? నా దృష్టిలో ఇది ప్రశ్న తీరులోనే ఉన్న లోపం. ఒకే జంటకు రెండు గైడ్లలో రెండు జవాబులు కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మిగతా ప్రశ్నల కోసం గడియారం పరుగెడుతున్న పరీక్ష హాల్లో ఇలాంటిది ఎదురైతే, నెగెటివ్ మార్కులున్నాయని గుర్తుంచుకుని దాన్ని ఆఖరికి వదిలేయడమే లాభం.