రెండు భిన్నాల నడుమ మూడోది

5/7 పెద్దదా, 8/11 పెద్దదా? చూడగానే చెప్పడం కష్టం. మొదటి లవాన్ని రెండో హారంతో గుణిస్తే 5×11 = 55. రెండో లవాన్ని మొదటి హారంతో గుణిస్తే 8×7 = 56. కాబట్టి 8/11 పెద్దది. ఈ అడ్డగుణకారంలో కిటుకేమీ లేదు. రెండు భిన్నాలకూ 77 హారంగా పెడితే అవి 55/77, 56/77 అవుతాయి. హారం ఒకటే కనుక లవాలు చూస్తే చాలు. హారాలు ధన సంఖ్యలై ఉండాలి, అంతే.

ఇప్పుడు లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడితే 13/18 వస్తుంది. పిల్లలు భిన్నాలను ఇలా కూడితే తప్పంటాం. కూడికగా అది తప్పే. కానీ ఆ 13/18 కచ్చితంగా ఆ రెంటి మధ్యే ఉంటుంది. దీన్ని మీడియంట్ అంటారు.

ఎందుకంటే, 5×11 అనేది 8×7 కన్నా చిన్నదని తెలుసు. రెండువైపులా 5×7 కలపండి. ఎడమవైపు 5×18, కుడివైపు 13×7 అవుతాయి: 90, 91. అంటే 5/7 కన్నా 13/18 పెద్దది. 5×7కు బదులు 8×11 కలిపితే 143, 144 వస్తాయి. 8/11 కన్నా అది చిన్నదని తేలుతుంది.

అయితే మీడియంట్ సగటు కాదు. 5/7ను 10/14గా రాస్తే విలువ మారదు, మీడియంట్ మాత్రం 18/25 అవుతుంది. అదీ మధ్యలోనే ఉంటుంది, కాకపోతే 5/7 వైపు జరుగుతుంది.

పై విలువ 333/106 కన్నా ఎక్కువ, 22/7 కన్నా తక్కువ. వాటి మీడియంట్ 355/113. 5వ శతాబ్దపు చైనా గణితవేత్త జు చోంగ్‌జీ ఇచ్చిన భిన్నం ఇదే. ఆరు దశాంశ స్థానాల వరకూ పైతో సరిపోతుంది.