ఇక మెయిల్ చాలు, ఒకసారి మాట్లాడుకుందామా?

హైదరాబాద్‌లోని ఒక టీమ్, డాలస్‌లోని బట్టల దుకాణాల సంస్థకు ప్రతి నెలా అమ్మకాల రిపోర్టు పంపుతోందనుకుందాం. 2025 ఏప్రిల్ రెండో వారంలో అటునుంచి మెయిల్ వస్తుంది: ‘మార్చి మొత్తం మా లెక్కతో కలవడం లేదు, చూడండి.’ ఇక్కడివాళ్లు చూస్తారు. అంతా సరిగ్గానే ఉంటుంది. ‘మళ్లీ సరిచూశాం, తేడా ఏమీ లేదు’ అని జవాబిస్తారు. మర్నాడు పొద్దున్నే ఇంకో మెయిల్: ‘తేడా అలాగే ఉంది. మార్చి అమ్మకాలు పూర్తిగా తీసుకున్నారా?’ తీసుకున్నామని ఇటునుంచి మళ్లీ జవాబు, వెనకాలే పెద్ద ఎక్సెల్ షీటు. ఏప్రిల్‌లో రెండు ఊళ్ల మధ్య పదిన్నర గంటల తేడా. ఇక్కడ దీపాలు ఆర్పే వేళకు అక్కడ ఆఫీసు తెరుస్తారు. ఒక ప్రశ్నకు, దాని జవాబుకు కలిపి ఒక రోజు ఖర్చు.

ఇద్దరిదీ తప్పు కాదు. ఇటువాళ్లు మార్చి 1 నుంచి 31 వరకూ కూడారు. అమెరికాలో చాలా రిటైల్ సంస్థలు మాత్రం 4-5-4 క్యాలెండర్ వాడతాయి. అందులో నెలలు నాలుగు వారాలు, ఐదు వారాలు, నాలుగు వారాల చొప్పున నడుస్తాయి. ప్రతి వారమూ ఆదివారంతో మొదలై శనివారంతో ముగుస్తుంది. ఆ లెక్కన 2025 మార్చి 2న మొదలై ఏప్రిల్ 5న ముగిసింది. ఇద్దరూ ‘మార్చి’ అనే రాస్తున్నారు, ఇద్దరూ నిజమే రాస్తున్నారు. ఇలాంటి చిక్కు మెయిల్‌లో విడిపోవడం కష్టం, ఎందుకంటే తనకు తెలిసిందే ఎదుటివారికీ తెలుసనుకున్న విషయాన్ని ఎవరూ రాయరు. అదే మాటల్లో అయితే ‘ఏప్రిల్ 3 అమ్మకం మీ దగ్గర ఏ నెలలో ఉంది?’ అని ఒకరు అడగ్గానే తేలిపోతుంది.

కాల్‌కు వేళైందని చెప్పే గుర్తుల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇది: అడిగిన ప్రశ్నే మాటలు మార్చుకుని రెండోసారి వచ్చిందంటే, మన మొదటి జవాబు వాళ్లకు అందలేదన్నమాట. దాన్నే ఇంకాస్త పొడుగ్గా రాసినా అందదు. ఇంకో గుర్తు సీసీ. ఉన్నట్టుండి అందులో మేనేజర్ల పేర్లు చేరుతున్నాయంటే, విషయం లెక్క దాటి సాక్ష్యాల దాకా వచ్చిందనే. ‘ఇంతకుముందే చెప్పినట్టు’ అనే మాట పడ్డాక అయితే ఆలస్యం చేయకూడదు.

అడగడంలోనే ఉంది నేర్పు. ‘ఒకసారి కాల్ చేద్దామా?’ అని ఒక్క ముక్క రాస్తే మర్యాదగానే ఉంటుంది గానీ, ఎప్పుడు, ఎందుకు, ఎంతసేపు అన్న బరువంతా ఎదుటివారి మీద పడుతుంది. ‘మీకు అర్థమైనట్టు లేదు, ఫోన్లో చెబుతాను’ అన్నది మరీ ముల్లు. మన టీమ్ ఇలా రాయవచ్చు:

‘మా షీటులో మొత్తం సరిపోతోంది, మీ దగ్గర తేడా చూపిస్తోంది. ఇద్దరం వేర్వేరు తేదీలు తీసుకుంటున్నామేమోనని నా అనుమానం. నేను దాన్ని మెయిల్‌లో సరిగా అడగలేకపోతున్నాను. షీటు ఇద్దరం తెరిచి చూసుకుంటే 15 నిమిషాల్లో తేలుతుందనుకుంటున్నాను. మీ టైము ప్రకారం మంగళవారం గానీ బుధవారం గానీ ఉదయం 9 గంటలకు వీలవుతుందా? కుదరకపోతే, మీ మార్చి ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో రాసినా చాలు.’

ఇందులో చిక్కు ఎక్కడుందో తెలుస్తోంది, తడబాటు భారం రాసినవారే తీసుకున్నారు. టైము వాళ్ల గడియారంలో ఉంది, మనకది రాత్రి ఏడున్నర. అమెరికాలో గడియారాలు మార్చే మార్చి, నవంబర్‌లలో ఈ లెక్క ఇంకోసారి చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం చివరి వాక్యం, కాల్ వద్దనుకునేవారికి దారి వదిలింది. ఫోన్లో ఇంగ్లిష్ యాస పట్టుకోలేక, మెయిల్‌లోనే ధైర్యంగా ఉండేవారు రెండు వైపులా ఉంటారు. వాళ్లు ఒప్పుకోకముందే మీటింగ్ ఇన్వైట్ పంపడం మాత్రం తొందరపాటు.

కాల్ అయ్యాక ఆ రోజే పాత మెయిల్ కిందే నాలుగు వాక్యాలు రాయాలి: మార్చి అంటే 2 నుంచి ఏప్రిల్ 5 వరకూ, కొత్త రిపోర్టు ఫలానా రోజుకు ఇస్తాం, పాతది పక్కనపెట్టండి, పొరపాటుంటే చెప్పండి. సీసీలో ఉన్న పెద్దలు కాల్‌లో లేరు కదా! వాళ్లకు తెలియకపోతే గొలుసు ఇంకో కొస నుంచి మొదలవుతుంది.

ఇదే తేడా వల్ల అదనపు పనికి అదనపు బిల్లు వేయాల్సి వస్తే మాత్రం నోటిమాట మీద నడవకూడదు. కాల్‌లో ‘సరే’ అన్నా, ఆ ‘సరే’ వాళ్ల మెయిల్ నుంచి వచ్చాకే పని మొదలుపెట్టాలి.