బిందె పట్టుకున్నవాళ్లు అడిగిందేమిటి?

పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆ ఊపుకి బోరులోంచి నీళ్లు పైకి వస్తాయి. వచ్చిన నీళ్లు ఏడు మీటర్ల ఎత్తున కట్టిన 2,500 లీటర్ల ట్యాంకులో చేరతాయి. ట్యాంకు చుట్టూ నాలుగు బోర్డులు ఉంటాయి. వాటిమీద ప్రకటనలు వేసుకుంటే వచ్చే డబ్బుతో మరమ్మతులు చేయిస్తారు. పిల్లలకి ఆట, ఊరికి నీళ్లు, పంపుకి పోషణ, మూడూ ఒకే దెబ్బకి. వినగానే ఎవరైనా భలే అనే ఆలోచన ఇది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ పంపుకి 'ప్లేపంప్' అని పేరు.

బోర్లు వేసే ఒకాయన దీని నమూనా తయారుచేస్తే, ప్రకటనల రంగంలో పనిచేసే ట్రెవర్ ఫీల్డ్ 1989లో ఒక వ్యవసాయ ప్రదర్శనలో దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. 1994లో మొదటి పంపులు వెలిశాయి. 2000లో ప్రపంచ బ్యాంకు బహుమతి వచ్చింది. 2006లో అమెరికాలో 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. 2010 నాటికి నాలుగు వేల పంపులు పెట్టి కోటి మందికి నీళ్లివ్వాలని లక్ష్యం. ఆ 2010లోనే, దీనికోసం అమెరికాలో పెట్టిన సంస్థ తన పంపుల్ని వేరే సంస్థకి అప్పగించి తప్పుకుంది.

ఇందులో మోసం లేదు. ఫీల్డ్ ఉత్సాహం నిజమైనది, ఆఫ్రికా పల్లెల్లో నీటి కరువు అంతకంటే నిజమైనది. చిక్కంతా అక్కడే ఉంది. కొరత నిజమైతే దానికి మనం తెచ్చిన జవాబు కూడా సరైనదే అయివుంటుందని మనసు తేలిగ్గా నమ్మేస్తుంది. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు జారిపడేది ఎక్కువగా ఈ మెట్టు మీదే. "మన దేశంలో కోట్లమందికి ఫలానాది లేదు" అని మొదలుపెడతారు. ఆ మాట నిజమే. కానీ అందులో వాళ్ల యంత్రం గురించి ఒక్క ముక్కా లేదు.

ప్లేపంప్ విషయంలో ఈ తేడాని పట్టుకోవడానికి ఊళ్లు తిరగాల్సిన పని కూడా లేదు, కాగితం మీద లెక్క వేస్తే చాలు. కోటి మందిని నాలుగు వేల పంపులకి పంచితే ఒక్కో పంపుకి 2,500 మంది. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు కావాలనుకున్నా 37,500 లీటర్లు తోడాలి. ఈ పంపు గంటకి 1,400 లీటర్లు ఇస్తుందని చెప్పారు. భాగిస్తే దాదాపు 27 గంటలు వస్తుంది. అంటే రోజుకి ఉన్న 24 గంటలూ పిల్లలు ఆగకుండా ఆడినా సరిపోదు. 2009లో బ్రిటన్ పత్రిక గార్డియన్ ఈ లెక్కని బయటపెట్టింది. సాయం ప్రకటించకముందు కూడా ఎవరైనా వేయగలిగిన లెక్కే. వాడుకునేవాళ్ల రోజుని పొద్దుటినుంచి రాత్రిదాకా ఊహించుకుని ఉంటే ఇది ముందే తట్టేది. ఊహించుకున్నది పిల్లల నవ్వుల్ని మాత్రమే.

పొద్దున్నే పొయ్యి వెలిగించే వేళకి నీళ్లు కావాలి. ఆ వేళకి పిల్లలు నిద్రలో ఉంటారు, తర్వాత బడిలో ఉంటారు. కొత్త మోజు తీరాక రాట్నం దగ్గరికే రారు. ఇక మిగిలేది ఆడవాళ్లు. పిల్లల ఎత్తుకి పెట్టిన కడ్డీలని నడుం వంచి పట్టుకుని వాళ్లే చుట్టూ తిరగాలి. మొజాంబిక్‌లో వయసు మళ్లిన ఆడవాళ్లు ఇలా రాట్నం తోస్తున్న దృశ్యాలు టీవీలోనూ వచ్చాయి. కొన్నిచోట్ల అంతకుముందు పనిచేస్తున్న చేతిపంపుని పీకేసి అదే బోరు మీద రాట్నాన్ని బిగించారు. పాడైతే బాగుచేయడం ఊళ్లోవాళ్లకి రాదు. కొనే స్తోమత లేని ఊళ్లో ప్రకటన వేయడానికి కంపెనీలు ముందుకు రాలేదు కాబట్టి మరమ్మతులకి అనుకున్న డబ్బూ రాలేదు. ఒక్కో పంపుకి దాదాపు 14,000 డాలర్లు. ఆ సొమ్ముతో మామూలు చేతిపంపులు నాలుగు వచ్చేవని నీటి రంగంలో ఉన్నవాళ్లు వాదించారు.

మరి ఇంత కనబడుతుంటే మెచ్చుకున్నవాళ్లకి ఎందుకు తెలియలేదు? వాళ్లు చూడటానికి వెళ్లిన రోజున రాట్నం తిరిగింది కాబట్టి. కారు దిగి కెమెరా తీస్తే ఏ ఊళ్లోనైనా పిల్లలు ఎగబడతారు. చెప్పి వెళ్లినప్పుడు కనబడే ఉత్సాహం సాక్ష్యం కాదు. చెప్పకుండా ఆర్నెల్ల తర్వాత, తెల్లవారుజామున వెళ్లి ఎవరు తోస్తున్నారో చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా డబ్బిచ్చేవాళ్లు ఒకచోట, నీళ్లు పట్టుకునేవాళ్లు ఇంకోచోట ఉన్నప్పుడు, చప్పట్లు మొదటివాళ్లవా రెండోవాళ్లవా అన్నది విడదీసి వినాలి.

దీనికి పూర్తిగా ఎదురు దిశనుంచి వచ్చిన పంపు మన ఊళ్లలోనే ఉంది. మనం బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2. దీని కథ ఆలోచనతో కాదు, విరిగిన ఇనుముతో మొదలైంది. 1960ల చివరి కరువులో రాతినేలల్లో వేలాది బోర్లు వేసి వాటిమీద పోత ఇనుము చేతిపంపులు బిగించారు. అవి ఒక కుటుంబం వాడుకునే పాశ్చాత్య నమూనాలు. ఇక్కడ ఒక్కో పంపు మీద వందలమంది పడ్డారు. 1970ల నడుమ సర్వే చేస్తే నాలుగింట మూడు వంతుల పంపులు పనిచేయడం లేదని తేలింది. అడగకుండానే ఊరు చెప్పిన మాట అది. విరిగిన పంపు దగ్గరికి జనం మళ్లీమళ్లీ వచ్చారు కాబట్టే అది అంతగా అరిగింది. అవసరానికి అంతకంటే గట్టి రుజువు దొరకదు.

షోలాపూర్ ప్రాంతంలో అప్పటికే మెకానిక్కులు, మిషనరీలు కలిసి ఒక గట్టి పంపు తలని తయారుచేసుకున్నారు. యునిసెఫ్, ప్రభుత్వం, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం దాన్నే పట్టుకుని మెరుగుపరిచాయి. పాత పంపులో పిడిని ఎత్తిదించినప్పుడల్లా లోపలి కడ్డీ పక్కకి గుంజుకుని అరిగేది. ఇక్కడ పిడి కొసన వంపు పలక పెట్టి, దానిమీదుగా గొలుసు వేలాడదీశారు. కడ్డీ నిటారుగా పైకీ కిందికీ పోతుంది. పిడి ఇరుసుకి బాల్ బేరింగులు వేశారు. పంపు కాళ్లని కాంక్రీటులో పాతి, మురుగు తిరిగి బోరులోకి దిగకుండా చేశారు. చూడటానికి ఏ అందమూ లేదు. ఫొటో తీసి విరాళాలు అడగడానికి పనికొచ్చే వస్తువు అసలే కాదు. కోయంబత్తూరు దగ్గర కొన్ని బోర్ల మీద బిగించి జనానికి వదిలేసి, ఏది ఎప్పుడు పాడవుతుందో చూశాకే దేశమంతా పంపారు.

ఇదీ లోపం లేనిదేం కాదు. లోపలి తోలు వాషరు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి బరువైన సామగ్రితో మండలంనుంచి మనుషులు రావాలి, వాళ్లు వచ్చేదాకా ఊరు ఆగాలి. ఈ ఫిర్యాదు వినే, గొట్టాలు కదపకుండా పిస్టన్ ఒక్కటే బయటికి తీసే మార్క్ 3 చేశారు.

ఇప్పుడు మన కుర్రాడొకడు ఊరికి మంచినీళ్ల క్యాన్లు చేర్చే యాప్ కడతానన్నాడనుకోండి. "ఇలాంటిది ఉంటే వాడతారా?" అని అడిగితే అందరూ వాడతాం బాబూ అంటారు. కాదనడానికి వాళ్లకి ఖర్చేముంది? దాని బదులు "పోయినసారి క్యాను రానప్పుడు ఏం చేశారు?" అని అడగాలి. ప్లాంటువాడికి ఫోన్ చేస్తే పావుగంటలో తెచ్చాడు అంటే, ఆ ఇంటికి యాప్ అక్కర్లేదు. పనిమానుకుని బండిమీద రెండు మైళ్లు పోయి తెచ్చుకున్నాను, అదీ వారానికోసారి అంటే, ఎంత ఖర్చయిందో, ఇంకెవరిని అడిగి చూశారో కనుక్కోవాలి. నెల డబ్బు ముందే ఇమ్మని అడిగినప్పుడు జేబులో చెయ్యి పెట్టేవాళ్లెందరో, "మొదలుపెట్టాక చూద్దాంలే" అనేవాళ్లెందరో రాసుకోవాలి. మొదటి లెక్క చిన్నదైతే యాప్ రాయడం ఆపి, ఆ కొద్ది ఇళ్లకే నెలరోజులపాటు ఫోన్ మీద ఆర్డర్లు తీసుకుని తనే బండిమీద క్యాన్లు వేసి చూడొచ్చు.