పిండి రెట్టింపైతే టైమూ రెట్టింపా?

ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నులో, మూడు గుడ్లతో, 180 డిగ్రీల దగ్గర సుమారు 35 నిమిషాల్లో ఉడికే మామూలు కేకు మీకు బాగా కుదిరిందనుకోండి. పుట్టినరోజుకు చుట్టాలొస్తున్నారు, రెట్టింపు చేయాలి. మైదా, పంచదార, వెన్న, గుడ్లు రెండేసి రెట్లు వేసుకోవడంలో ఇబ్బందేమీ లేదు. చిక్కంతా ఏ టిన్నులో పోయాలి, ఎంతసేపు ఉంచాలి అన్న దగ్గరే వస్తుంది.

ఓవెన్‌కు పిండి బరువుతో పెద్దగా పనిలేదు. వేడి అంచుల నుంచి నడిమధ్యకు ఎంత దూరం వెళ్లాలన్నదే లెక్క. కాబట్టి టిన్నులో పిండి ఎత్తు పాతంతే ఉండేలా చూసుకుంటే టైమూ దాదాపు పాతదే సరిపోతుంది. అదే ఎనిమిది అంగుళాల టిన్నులో రెట్టింపు పిండి కుక్కితే ఎత్తు రెండింతలవుతుంది, టైము రెండింతల కంటే ఎక్కువే పట్టొచ్చు. పైభాగం నల్లబడి పగులుతుంది, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. బయటికి తీసిన కాసేపటికి మధ్యలో గుంట పడిందంటే కారణం చాలాసార్లు అదే.

మరి ఎంత టిన్ను కావాలి? గుండ్రటి టిన్నుకైతే వెడల్పును దానితోనే గుణించండి. ఎనిమిదెనిమిదులు 64. రెట్టింపుకు 128 కావాలి. పదకొండు పదకొండ్లు 121, అంటే పదకొండు అంగుళాల టిన్ను ఇంచుమించు సరిపోతుంది. పదహారు అంగుళాలది కావాలని చాలామంది పొరబడతారు కానీ, దానిలో పట్టేది నాలుగింతలు. రెట్టింపు పిండి అందులో పోస్తే పలచటి అట్టులా పరుచుకుని ఎండిపోతుంది. సగం చేయాలంటే 32 రావాలి, ఆరార్లు 36 కాబట్టి ఆరు అంగుళాల టిన్ను తీసుకోవచ్చు. అందులో పిండి కాస్త పలచగా ఉంటుంది కనుక 28 నిమిషాలకే చూడటం మొదలుపెట్టండి. సగానికి ఒకటిన్నర గుడ్లు కావాలి. రెండో గుడ్డును గిలక్కొట్టి అందులో సగం, అంటే సుమారు 25 గ్రాములు తీసుకుంటే చాలు.

లెక్క తేలింది సరే, మన ఇళ్లలోని చిన్న ఓటీజీలో పదకొండు అంగుళాల టిన్ను పడుతుందా? పట్టినా గోడలకు ఆనుకుంటే వేడిగాలి తిరగదు, ఆ వైపు మాడిపోతుంది. చుట్టూ కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. నన్నడిగితే, చిన్న ఓవెన్ ఉన్నవాళ్లు పెద్ద టిన్ను జోలికి వెళ్లకుండా పాత టిన్నులోనే రెండు విడతలుగా చేసుకోవడం మేలు. అయితే రెండు విడతల పిండీ ఒకేసారి కలిపి పెట్టుకోకూడదు. పెరుగూ వంటసోడా కలిసిన మరుక్షణం బుడగలు పుడతాయి. అరగంటకు పైగా గిన్నెలో కూర్చుంటే అవి చాలావరకు పోతాయి, రెండో కేకు గట్టిగా వస్తుంది. పొడి సరుకు ఒక గిన్నెలో, తడి సరుకు మరో గిన్నెలో ఉంచి, మొదటిది దిగబోయే ముందు కలపండి.

ఎత్తయిన కేకే కావాలంటే ఎత్తు గోడల టిన్ను తీసుకోండి. పిండి మూడింట రెండు వంతులకు మించకూడదు. వేడి 160కి తగ్గించి, పైన రంగు రాగానే అల్యూమినియం రేకు కప్పండి. గంట దాటినా కంగారు పడొద్దు. నడిమధ్యలో గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకపోతేనే దించాలి.

నూనెలో వేయించేటప్పుడు లెక్క వేరు. గారెల పిండి రెట్టింపైనా ఒక్కో గారె వేగే టైము మారదు, పెరిగేది వాయిల సంఖ్యే. త్వరగా తెమిలిపోవాలని ఒక వాయికి ఆరు వేసేచోట పన్నెండు వేస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది. నురగ మందగిస్తుంది, గారెలు రంగు తేలకుండా నూనె పీల్చుకుని మెత్తబడతాయి. తొందరగా ఉంటే రెండో పొయ్యి మీద ఇంకో మూకుడు పెట్టుకోవాలి. వాయికీ వాయికీ మధ్య చిటికెడు పిండి వేసి, అది వెంటనే పైకి తేలుతుంటేనే తర్వాతి వాయి వేయాలి. సగం పిండికి పెద్ద మూకుడులోనే సగం నూనె పోస్తే గారె అడుగుకు తగిలి మాడుతుంది. చిన్న మూకుడు తీసుకుని నూనె లోతు పాతంతే ఉంచాలి.

ఉప్పూ ఉల్లిపాయలూ మొత్తం పిండిలో ఒకేసారి కలిపేయకండి. ఉప్పుకు ఉల్లి నీరు వదులుతుంది, చివరి వాయిలకు వచ్చేసరికి పిండి జారై నూనె లాగుతుంది. రెండు మూడు వాయిలకు సరిపడా పిండి విడిగా తీసుకుని, అప్పటికప్పుడు కలుపుకోవాలి.