గడువు పెంచమని అడిగేటప్పుడు

ఇంకో మూడు రోజులు కావాలని డెవలపర్ అడిగితే, ఆ మూడు రోజుల లెక్క ఎలా వచ్చిందని మేనేజర్ అడుగుతారు. పై అధికారికీ, క్లయింట్‌కీ జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే మరి. అందుకే ఆ లెక్క మెసేజ్‌లోనే ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. షాపింగ్ యాప్‌లో రీఫండ్ సౌకర్యం కట్టాలి. పని 2వ తేదీ సోమవారం మొదలైంది, గడువు 13 శుక్రవారం. స్క్రీన్‌కు 2 రోజులు, పేమెంట్ గేట్‌వేతో కలపడానికి 4, డేటాబేస్ మార్పులకు 2, టెస్టింగ్‌కు 2 అని ముందే అంచనా వేశారు.

స్క్రీన్ రెండు రోజుల్లో అయిపోయింది. గేట్‌వే టెస్ట్ కీలు 4న అందాల్సింది, 9 ఉదయం గానీ రాలేదు. మూడు పనిదినాలు ఎదురుచూపులే. అయితే అందులో రెండు రోజులు డెవలపర్ డేటాబేస్ పని ముగించేశారు. కాబట్టి నిజంగా పోయింది ఒక్క రోజే. ఇక 10న క్లయింట్, ఆర్డర్‌లో కొన్ని వస్తువులకే డబ్బు వెనక్కిచ్చే వీలూ కావాలన్నారు. అది మరో రెండు రోజుల పని.

అదే రోజు డెవలపర్ పంపిన మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. రీఫండ్ పని 13కి పూర్తి కాదు, 18 బుధవారం దాకా గడువు కావాలి. కీల కోసం ఆగడం వల్ల 1 రోజు (REF-14), కొత్తగా చేరిన పనికి 2 రోజులు (REF-21). స్క్రీన్, డేటాబేస్ పూర్తయ్యాయి. గేట్‌వే 12కి అవుతుంది. కొత్త పని 13, 16 తేదీల్లో, టెస్టింగ్ 17, 18ల్లో. పూర్తి రీఫండ్ ఒక్కటే ముందు కావాలంటే 16కి ఇవ్వగలను. అప్పుడు రెండోది విడిగా టెస్ట్ చేయాలి కాబట్టి 19 అవుతుంది. ఏది చేయమంటారు?"

కీలు మూడు రోజులు ఆలస్యమైనా ఇందులో ఒక్క రోజే అడిగారు. మూడూ కలిపి ఐదు రోజులు అడిగి ఉంటే, డేటాబేస్ టికెట్ తేదీలు చూడగానే తేడా బయటపడేది. అప్పుడు న్యాయమైన రెండు రోజుల మీదా అనుమానం వచ్చేది.

ఆధారం అప్పటికప్పుడు రాసినదై ఉండాలి. జిరా లాంటి పరికరాల్లో టికెట్ స్థితి ఎప్పుడు మారిందో చరిత్రలో నమోదవుతుంది. 4వ తేదీనే "కీలు రాలేదు, పని ఆగింది" అని REF-14లో రాసి స్థితి మారిస్తే అది సాక్ష్యం. గడువు దగ్గరపడ్డాక 10న మారిస్తే చరిత్రలో 10వ తేదీయే కనిపిస్తుంది.

టికెట్లు చెప్పలేనిదీ ఒకటుంది. నాలుగు రోజులనుకున్న గేట్‌వే పని కష్టమై ఆరు రోజులు పడితే, ఎవరి కోసమో ఆగిన దాఖలా ఎక్కడా ఉండదు. అప్పుడు ఎక్కడ అంచనా తప్పిందో, ఇంకా ఏం మిగిలిందో రాసి, ఆ మిగిలిన పనికే కొత్త తేదీ లెక్కగట్టాలి. "తొంభై శాతం అయింది" అని రాస్తే మేనేజర్‌కు కొత్త తేదీ దొరకదు. మిగిలిన పనుల పేర్లు, ఒక్కోదానికి పట్టే రోజులు రాస్తే క్లయింట్‌కు చెప్పాల్సిన తేదీని ఆయనే సరిచూసుకోగలరు.